‘ఆదాయ ప్రభావం’లో ఆదాయం ఎక్కడుంది?

సుజాత: డిగ్రీ పిల్లల కోసం అర్థశాస్త్రం నోట్సు తెలుగులో రాస్తున్నాను. సరుకు ధర పెరిగితే కొనుగోలు మారడానికి రెండు కారణాలు చెబుతాం కదా, వాటికి ‘ఆదాయ ప్రభావం’, ‘ప్రత్యామ్నాయ ప్రభావం’ అని మాటలున్నాయి. రెండోదాన్ని కొందరు ‘ప్రతిస్థాపన’ అంటారు, అది ఎలాగోలా సర్దుకుంటుంది. నా చిక్కంతా మొదటిదానితోనే. "బియ్యం ధర పెరిగింది, నాన్న జీతం అలాగే ఉంది. మధ్యలో ఆదాయం ఎందుకొచ్చింది మేడమ్?" అని ఓ అమ్మాయి అడిగింది. నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. ఇంతకన్నా మంచి మాట ఏదైనా ఉందా?

రమణ: ప్రతిస్థాపన లాంటి బరువైన మాట ఎందుకండీ, చక్కగా ‘బదులు’ ఉండగా! 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మా ఇంట్లో పప్పులోకి టమాటా బదులు చింతపండు వచ్చింది. అది బదులు ప్రభావం. ఆదాయ ప్రభావం మాత్రం మా ఇంటి గడప తొక్కలేదు.

మస్తాన్: రమణ గారూ, బదులంటే అప్పు కూడా కదా. ‘చేబదులు’ వినలేదా? పరీక్షలో పిల్లవాడు ‘ధర పెరిగితే అప్పు చేస్తారు’ అని రాస్తే మార్కులు వెయ్యాల్సిందే.

వెంకటేశ్వర్లు: నేను రిటైరైన లెక్చరర్‌ని, కాస్త పొడుగ్గా రాస్తే ఏమీ అనుకోకండి. రమణ గారు తెలియకుండానే అసలు విషయం పట్టుకున్నారు. నెల ఖర్చులో టమాటాకు పోయేది చాలా తక్కువ. దాని ధర రెట్టింపయినా ఇంటి లెక్క కుంగిపోదు, పైగా చింతపండు చేతికందేలా ఉంది. అందుకే అక్కడ కనిపించేది దాదాపు అంతా ‘బదులే’. పేదింట్లో బియ్యం అలా కాదు. ఖర్చులో పెద్ద భాగం అదే. దాని ధర కదిలితే ఇల్లంతా కదులుతుంది. సుజాత గారి అమ్మాయి ప్రశ్నకు జవాబు అక్కడుంది. జీతం అంకె మారలేదు, ఆ అంకెకు వచ్చే సరుకు తగ్గింది. ‘వాస్తవిక ఆదాయం’ అని చదువుకున్నది అదే. పేరు పెట్టినప్పుడు ‘వాస్తవిక’ జారిపోయి, ఒట్టి ‘ఆదాయం’ మిగిలింది.

కిరణ్: ఇందులో ఇంత టెన్షన్ ఎందుకు సార్? బియ్యం తగ్గించి గోధుమపిండి కొంటే ప్రత్యామ్నాయం. బియ్యానికే డబ్బులైపోయి పాలు, గుడ్లు తగ్గిస్తే ఆదాయం. అయిపోయింది.

వెంకటేశ్వర్లు: సగం నిజం బాబూ. రెండూ రెండు సరుకుల మీద పనిచేస్తాయని పంచేశావు. రెండూ ఒకే బియ్యం బస్తా మీద పనిచేస్తాయి. ఊహించిన లెక్క ఒకటి చెబుతాను. ఒకింట్లో నెలకు 40 కిలోల బియ్యం, కిలో 50 రూపాయలు. ధర 60 అయింది. పాత 40 కిలోలే కొనాలంటే 400 ఎక్కువ కావాలి. ఆ 400 ఎవరో చేతిలో పెట్టారనుకో. ఇప్పుడు ఆ ఇల్లాలు పాత బియ్యమూ కొనగలదు, పాత పాలూ కొనగలదు. అయినా 40 కొనదు. జొన్నల ధర మారలేదు, బియ్యం పక్కన అవి మునుపటికన్నా చవగ్గా కనిపిస్తాయి, కాబట్టి 36 కొంటుంది. తగ్గిన ఆ 4 కిలోలూ ‘బదులు’ లెక్క. తర్వాత ఆ 400 వెనక్కి లాక్కో. ఇప్పుడు బియ్యం 36 నుంచి ఎటు కదిలితే అది ‘ఆదాయ’ లెక్క. మధ్యతరగతి ఇంట్లో 35కి దిగొచ్చు. పేదింట్లో 38కి ఎక్కొచ్చు.

కిరణ్: ఎక్కడమేంటి సార్? డబ్బు లాక్కుంటే ఎక్కువ ఎలా కొంటారు?

వెంకటేశ్వర్లు: కడుపు నిండాలి కదా. చేతిలో డబ్బు తగ్గితే ముందు మాంసం, గుడ్లు పోతాయి. ఆ ఖాళీని నింపడానికి అన్నిటికన్నా చవగ్గా ఆకలి తీర్చేది అన్నమే. ధర పెరిగాక కూడా అదే చవక. ఇలా 400 ఇచ్చి, వెనక్కి తీసుకుని చూడటం రష్యన్ పండితుడు స్లట్‌స్కీ 1915లో చూపిన దారి. హిక్స్ అనే ఇంకో ఆర్థికవేత్త వేరే రకంగా చేశాడు, దాని జోలికి ఇప్పుడు వద్దు. 36 నుంచి 41కి ఎక్కితే ఏమవుతుందో చూడు. ధర పెరిగింది, కొన్నది 40 నుంచి 41 అయింది. ఇలాంటి వింత పేదల రొట్టె విషయంలో ఉందని గిఫెన్ అనే ఆయన పేరు చెప్పి ఆర్థికవేత్త మార్షల్ రాశాడు. వందేళ్లకు పైగా గట్టి సాక్ష్యం దొరకలేదు. జెన్సెన్, మిల్లర్ అనే ఇద్దరు చైనాలో పేద కుటుంబాలకు కూపన్లిచ్చి తిండి గింజల ధర తగ్గించి చూశారు, 2008లో అచ్చేశారు. హునాన్‌లో బియ్యం చవకయితే జనం బియ్యం తగ్గించి వేరే తిండివైపు వెళ్లారు. గోధుమ తినే గాన్సూలో ఫలితం అంత గట్టిగా రాలేదు. హునాన్‌లోనూ మరీ అడుగున, తిండంతా దాదాపు అన్నమే అయిన ఇళ్లలో ఈ వింత లేదు. తగ్గించడానికి మాంసమే లేనప్పుడు ధర పెరిగితే అన్నమే తగ్గుతుంది.

సుజాత: మాస్టారూ, ఇక్కడే నాకు ఇంకో మాట గుచ్చుకుంటోంది. డబ్బు తగ్గితే ఎక్కువ కొనే సరుకును ‘నాసిరకం వస్తువు’ అంటున్నారు. అన్నాన్ని నాసిరకం అంటే మా పిల్లలు ‘రాళ్లున్నాయా మేడమ్’ అంటారు.

మస్తాన్: భేషైన మాటే మరి. బియ్యం బాగానే ఉంది, నాసిగా ఉన్నది జేబు.

పద్మ: మాది కరీంనగర్ దగ్గర పల్లె. మీరందరూ కొనేవాళ్ల లెక్కే చెప్తున్నరు. వడ్ల ధర పెరిగితే మాకు ఆదాయం పెరుగుతది, అదే ఆదాయ ప్రభావం అనుకొని చదువుతున్న. మా ఇంట్ల ఆ యేడు ధర మంచిగ వస్తే ఆదివారం కూర గ్యారంటీ.

కిరణ్: అక్కా, అది వేరే సబ్జెక్టు. ఇక్కడ కొనేవాళ్ల గురించి మాట్లాడుతున్నాం.

వెంకటేశ్వర్లు: వేరే సబ్జెక్టు కాదు కిరణ్. పద్మ గారిది పొరపాటనుకుని నేనూ దాటేయబోయాను. పండించి తినగా మిగిలింది అమ్మే ఇంటికి ధర పెరిగితే, మనం చెప్పుకున్న 400 పోవడం కాదు, వచ్చి చేరుతుంది. ‘బదులు’ మాత్రం వాళ్లకూ బియ్యం తగ్గించే వైపే లాగుతుంది, ఎందుకంటే ఇంట్లో వండుకున్న ప్రతి కిలో అమ్మితే వచ్చే డబ్బు పెరిగింది. ఆదాయం వైపు మాత్రం గుర్తు తిరగబడుతుంది. అక్కడ ‘ఆదాయ’ అన్న మాట అతికినట్టు సరిపోతుంది కూడా.

పద్మ: అమ్మినంక ఎండాకాలం మేమే దుకాణంల కొంటం సార్. అప్పుడు మేము ఎటు?

వెంకటేశ్వర్లు: ఏడాది మొత్తం మీద అమ్మింది ఎక్కువా, కొన్నది ఎక్కువా అని చూడాలంటారు. కోతలప్పుడు అప్పు తీర్చడానికి చవగ్గా అమ్మి, ఎండల్లో ఎక్కువ పెట్టి కొనే ఇంటికి ఆ లెక్క సరిపోతుందా అంటే, నాకు అనుమానమే. రెండు కాలాలకూ రెండు లెక్కలు వెయ్యాలేమో.

రమణ: మరి మాట సంగతేంటి? ‘కొనుగోలు శక్తి ప్రభావం’ అంటే పోలా?

మస్తాన్: నాలుగు సార్లు వరసగా చెప్పి చూడండి, ఊపిరి ఆడదు. ‘చాలకపాటు’ అంటే?

సుజాత: చాలకపాటు వినడానికి బాగుంది కానీ, ధర తగ్గినప్పుడు, పద్మ గారి ఇంట్లో ధర పెరిగినప్పుడు తేలిపోతుంది. ప్రస్తుతానికి నోట్సులో ‘ఆదాయ ప్రభావం’ అనే ఉంచి, దాని కిందే మాస్టారి 400 రూపాయల లెక్క వేశాను. ‘నాసిరకం’ మాత్రం కొట్టేశాను, ఆ చోటు ఖాళీగా ఉంది.