థీసిస్ ముందు పేజీల వరుస, రోమన్ అంకెలపై సందేహం

నమస్కారం. నా థీసిస్‌లో టైటిల్ పేజీ, డిక్లరేషన్, గైడ్ సర్టిఫికెట్, కృతజ్ఞతలు, సారాంశం, విషయసూచిక, పట్టికల జాబితా ఈ వరుసలో ఉన్నాయి. టైటిల్ పేజీని i గా లెక్కించి, అంకె కనబడకుండా చేశాను. డిక్లరేషన్ మీద ii వస్తోంది. వర్డ్‌లో మొదటి అధ్యాయానికి ముందు సెక్షన్ బ్రేక్ పెట్టి, `Start at` లో 1 ఇచ్చాను. అంతవరకు బాగానే ఉంది.

చిక్కు ఎక్కడంటే, అధ్యాయంలో అంకెను కుడివైపుకు జరిపితే ముందు పేజీల్లోనూ జరుగుతోంది. `Link to Previous` తీసేస్తే సరిపోతుందా, లేక సెక్షన్‌లో ఇంకేమైనా మార్చాలా?

ఇంకొకటి: సారాంశం విషయసూచికకు ముందే v మీద ఉంది కదా, దాన్ని సూచికలో చూపాలా? మా విశ్వవిద్యాలయ నిబంధనల్లో ఈ మాటే లేదు. చూపడమే సబబని నాకనిపిస్తోంది. థీసిస్ సమర్పించినవారు మీరెలా చేశారో దయచేసి చెప్పండి.