పైలట్‌లో 30 ఇళ్లు తిరిగాం, పాల ఆదాయం అంకెలు పొంతన లేకుండా ఉన్నాయి

పలమనేరు_పరిశోధకురాలు
పాడి మీద ఆధారపడిన మహిళల ఆదాయంపై పీహెచ్‌డీ చేస్తున్నాను. ప్రధాన సర్వేకు ముందు పలమనేరు దగ్గర రెండు ఊళ్లలో 30 ఇళ్లకు వెళ్లి ప్రశ్నపత్రం పరీక్షించాం. "గత నెలలో పాల మీద మీకు ఎంత ఆదాయం వచ్చింది?" అని అడిగితే, రెండేసి ఆవులున్న ఇళ్లలోనే ఒకరు 6,400 అన్నారు, మరొకరు 17,500 అన్నారు. ఈ అంకెల్లోని వ్యత్యాసాన్ని బట్టి శాంపిల్ సైజు లెక్కవేయమని మా గైడు గారు చెప్పారు. 210 ఇళ్లు వచ్చింది. దీన్ని నమ్మవచ్చా?

చిత్తూరు_ఎంబీఏ
పైలట్‌కు 30 మంది చాలు అని మాకు తరగతిలోనే చెప్పారు. క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటిందా చూడండి. దాటితే ప్రశ్నపత్రం బాగున్నట్టే, మొదలుపెట్టేయండి.

గణాంకాల_మాస్టారు
బాబూ, ఆల్ఫా ఒకే విషయాన్ని పలు ప్రశ్నలతో కొలిచినప్పుడు పనికొస్తుంది. ఇక్కడున్నది ఒకే ప్రశ్న, దానికి రూపాయల్లో జవాబు. పైగా ఆల్ఫా ఎంత బాగా వచ్చినా, ఎదుటి మనిషి ప్రశ్నను ఎలా అర్థం చేసుకున్నదీ అది చెప్పదు.

అమ్మా, 210 సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 6,400 చెప్పిన ఇంటికి మళ్లీ వెళ్లండి. జవాబు చెప్పగానే "ఇది ఎలా లెక్కపెట్టారు?" అని అడిగి, ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. పాలకేంద్రం చీటీలు ఉంటే చూపించమనండి.

అలిపిరి_వాసి
నాకూ ఇలాగే జవాబులు సరిగా రాలేదు. తిరుపతిలో వసతి సౌకర్యాలపై యాత్రికుల సర్వే అది. పైలట్ మా కాలేజీ విద్యార్థులతో చేశాం, పావుగంటలో చక్కగా పూర్తిచేశారు. తీరా బస్టాండులో యాత్రికులను అడిగితే సగంలోనే బస్సు వచ్చిందని లేచి వెళ్లిపోయారు. తమిళం మాత్రమే వచ్చినవాళ్లకు కాగితం చదివి చెప్పేవారే లేరు. మీరు ఫారం కుదించి చూడండి.

గణాంకాల_మాస్టారు
ఆమె ఇబ్బంది ఫారం నిడివితో వచ్చింది కాదు. అయినా మీ అనుభవంలో ఒక మంచి విషయం ఉంది: అసలు సర్వేలో ఎవరిని, ఎక్కడ, ఏ వేళలో అడుగుతామో పైలట్ కూడా అలాంటివారితో, అలాంటి చోటే చేయాలి.

పలమనేరు_పరిశోధకురాలు
మాస్టారూ, చీటీలు దాచుకున్న 11 ఇళ్లకు మళ్లీ వెళ్లాను. ఆ 6,400 చెప్పినామె చీటీలో బిల్లు 8,900 ఉంది. పాలకేంద్రంలో తీసుకున్న దాణా కింద 2,500 పట్టుకోగా చేతికి వచ్చింది 6,400. అదీ పదిహేను రోజులదే! ఇక్కడ బిల్లు పదిహేను రోజులకొకసారి వస్తుంది కాబట్టి "గత నెల" అంటే ఆమెకు "పోయిన బిల్లు" అని తోచింది. 17,500 చెప్పినామె రెండు బిల్లులూ కలిపి, దాణా తీసేయకుండా చెప్పింది. నిజానికి ఈ రెండు ఇళ్ల రాబడి దాదాపు సమానం. ఆ 11 ఇళ్లలో ఐదుగురు ఒక్క బిల్లే చెప్పారు. ఇంట్లో వాడుకున్న పాలను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

గణాంకాల_మాస్టారు
చూశారా, మీరు శాంపిల్ సైజుకు వాడిన వ్యత్యాసంలో కొంత ఇళ్ల మధ్య తేడా కాదు, ప్రశ్నను అర్థం చేసుకోవడంలో తేడా. ఆ 210 దాని మీద నిలబడిన అంకె. జవాబులన్నీ సరిగా ఉన్నా, 30 ఇళ్ల నుంచి తీసిన వ్యత్యాసం గట్టిది కాదు. ఆ ఒక్క అనిశ్చితి వల్లే మీ 210 అనేది 130 కావచ్చు, 380 కావచ్చు. ఇదే జిల్లాలో ఇంతకుముందు జరిగిన పెద్ద సర్వే ఉంటే వ్యత్యాసం దాని నుంచి తీసుకోండి.

ఇంకొక మాట. 30 మందిలో కనబడని లోపం లేనట్టు కాదు. ఇరవై మందిలో ఒకరిని తికమక పెట్టే ప్రశ్న, 30 మందిని అడిగినా ఒక్కసారి కూడా బయటపడకపోయే అవకాశం అయిదింట ఒక వంతుకు పైగా ఉంటుంది.

చిత్తూరు_ఎంబీఏ
అర్థమైంది సార్. మరి ఈ 30 ఇళ్ల జవాబులను దిద్ది ప్రధాన సర్వేలో కలుపుకోవచ్చు కదా? తిరిగిన శ్రమ వృథా కాకూడదు.

సర్వే_సూపర్‌వైజర్
కలపవద్దు. ప్రశ్న మారింది, అడిగిన తీరు మారింది. పైలట్ చేసిన ఊళ్లను ప్రధాన జాబితా నుంచే తీసేయండి, ఒకసారి చీటీలు చూపించినవాళ్లు రెండోసారి జాగ్రత్తగా చెబుతారు.

గణాంకాల_మాస్టారు
ఆదాయం ప్రశ్న వరకు మీరన్నది నిజమే. కుటుంబ సభ్యుల సంఖ్య, ఆవుల సంఖ్య వంటి మారని ప్రశ్నలను, ఆ ఊళ్లను కూడా ప్రధాన సర్వే పద్ధతిలోనే ఎంపిక చేసి ఉంటే, వాడుకోవచ్చని నా అభిప్రాయం.

సర్వే_సూపర్‌వైజర్
నేను ఒప్పుకోను సార్. ఎన్యుమరేటర్లకు అది మొదటి వారం. వాళ్లు రాసిన అంకెలపై నాకు నమ్మకం లేదు.

పలమనేరు_పరిశోధకురాలు
ఊళ్లను మేము రోడ్డు పక్కనున్నవని ఎంచుకున్నాం, కాబట్టి కలపను. ప్రశ్నను నాలుగుగా విడగొట్టాను: పోయిన బిల్లు మొత్తం ఎంత, అందులో దాణాకు ఎంత పట్టుకున్నారు, అంతకుముందు బిల్లు ఎంత, ఇంట్లో రోజుకు ఎన్ని లీటర్లు వాడారు. బిల్లు వచ్చిన మరుసటి రోజే మరో ఊళ్లో 15 ఇళ్లలో అడుగుతాను. చీటీలు పారేసినవాళ్ల జవాబును దేనితో సరిచూడాలో మాత్రం ఇంకా తేలలేదు. పాలకేంద్రం రిజిస్టరు చూపమంటే సెక్రటరీ ఒప్పుకుంటారా? ఎవరైనా అడిగి చూశారా?