అప్‌డేట్: బ్రేకౌట్ క్యాండిల్‌పై కొనకుండా రీటెస్ట్ కోసం ఆగాను

నా పాత ప్రశ్న: "రెసిస్టెన్స్ దాటగానే కొంటున్నా, వెంటనే వెనక్కొచ్చి స్టాప్‌లాస్ కొట్టేస్తోంది. తప్పెక్కడ?"

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఒంగోలు అన్న చెప్పిన రీటెస్టే, అంటే దాటిన రెసిస్టెన్స్ దాకా ధర మళ్లీ దిగొచ్చి అక్కడ నిలబడ్డాక కొనడమే పనిచేసింది. ఆర్‌ఎస్‌ఐ సెట్టింగులు మార్చడం వల్ల ఏ తేడా రాలేదు.

కావలిలో షాపు తెరిచే ముందు రోజు రాత్రే చార్టు చూసుకుంటా. ఈసారి షేరు 500 దగ్గరి రెసిస్టెన్స్ దాటి 518 దగ్గర క్లోజయింది. చేయి లాగింది గానీ ఆగాను. మూడో రోజు 501 దాకా దిగి, కింద పొడవైన తోకతో పైకి తిరిగింది. 503కి కొన్నాను. స్టాప్ రెండు పద్ధతుల్లోనూ 494నే. అంటే 518కి కొనుంటే షేరుకి 24 రూపాయల రిస్క్, ఇప్పుడు 9. టార్గెట్ 542కి వచ్చింది. అక్కడ 24 పెట్టి 24, ఇక్కడ 9 పెట్టి 39.

ఒక్క జాగ్రత్త. 1,800 రిస్క్ లెక్కన 75 షేర్ల బదులు 200 కొనొచ్చు, కానీ పొద్దున్నే గ్యాప్‌డౌన్‌లో 480 దగ్గర ఓపెనయితే 75కి 2,850, 200కి 4,600 పోతుంది. అందుకే 100తో సరిపెట్టాను.

రోజు క్యాండిల్ 500 కింద క్లోజయితే అది రీటెస్ట్ కాదు, బ్రేకౌట్ ఫెయిలైనట్టే, కొనను. ఇంతకుముందు ఇంకో షేరు వెనక్కి రాకుండానే వెళ్లిపోయింది. దాన్ని వదిలేశాను.