ఇండోర్ బ్లోయర్ గాలి తగ్గింది: కెపాసిటరా, మోటారా?

ఎంవీపీ_మూడో_సెక్టార్: ఒకటిన్నర టన్ను స్ప్లిట్. లో స్పీడులో గాలి బాగానే ఉంది, హై పెట్టినా అంతే వస్తోంది. ఫిల్టర్లు కడిగాను, మార్పు లేదు. వచ్చిన మెకానిక్ మోటార్ పోయింది, మార్చాలంటున్నాడు. కెపాసిటర్ మారిస్తే సరిపోదా?

కంచరపాలెం_బాబ్జీ: ముందు కెపాసిటరే గురూ. మా ఇంట్లో 50 మైక్రోఫారడ్‌ది మార్చగానే చల్లదనం మళ్లీ వచ్చింది.

గాజువాక_ఏసీ: బాబ్జీ గారూ, మీరు మార్చింది బయటి యూనిట్‌లో కంప్రెసర్‌ది. ఇక్కడ అడుగుతున్నది లోపలి ఫ్యాన్ గురించి. దానిది బోర్డు మీద అగ్గిపెట్టెకన్నా చిన్న నల్లటి డబ్బా, సాధారణంగా 1 నుంచి 2.5 మైక్రోఫారడ్ మధ్య ఉంటుంది.

అయితే అది ఉందో లేదో ముందు చూడాలి. కరెంటు ఆపి, మోటార్ నుంచి బోర్డుకొచ్చే వైర్లు చూడండి. లావు వైర్లతో ఒక ప్లగ్గు, సన్నటి మూడు వైర్లతో ఇంకో ప్లగ్గు ఉంటే అది పీఎస్‌సీ మోటార్, కెపాసిటర్ మీద నడిచేది. ఒకే ప్లగ్గులో ఐదు వైర్లుంటే దాదాపుగా ఈసీ మోటార్, మనం బజార్లో డీసీ మోటార్ అనేది. దానికి ఈ కెపాసిటర్ ఉండదు, వెతకడం దండగ.

ఎంవీపీ_మూడో_సెక్టార్: రెండు ప్లగ్గులున్నాయండీ. డబ్బా మీద 1.5 అని ఉంది.

గాజువాక_ఏసీ: అయితే మీరు చెప్పిన లక్షణం కెపాసిటర్ వైపే చూపిస్తోంది. సన్నటి మూడు వైర్లు మోటార్ ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకు చెబుతాయి. కెపాసిటర్ బలహీనపడితే బోర్డు మోటార్‌కు కరెంటు ఇంకాస్త వదిలి, లో స్పీడు నిలబెడుతుంది. హైలో వదలడానికి మిగిలేది ఉండదు, అందుకని రెండూ ఒకటిగా అనిపిస్తాయి. చక్రం రెక్కల్లో మట్టి పేరుకుంటే మాత్రం వేగం సరిగ్గానే ఉంటుంది, గాలి అన్ని స్పీడుల్లోనూ తగ్గుతుంది.

కొలిచేటప్పుడు ఎమ్‌సీబీ ఆపి, డబ్బా కాళ్ల మధ్య రెసిస్టర్ పెట్టి ఖాళీ చేయండి. మోటార్ ప్లగ్గు పీకి, ఒక కాలు టంకం విడదీసి, మీటర్‌ను మైక్రోఫారడ్‌లో పెట్టండి. విడదీయకపోతే బోర్డులోని మిగతావి కలిసి లెక్క తప్పుతుంది. 1.5 డబ్బా 1.43కన్నా తక్కువ చూపిస్తే నేను మార్చేస్తాను.

పెదవాల్తేరు_రావు: అంత కొలతలెందుకు? 1.5 తీసేసి 2.5 వేయండి, ఫ్యాన్ గట్టిగా లాగుతుంది. నేను అలాగే చేశాను, బాగానే నడుస్తోంది.

గాజువాక_ఏసీ: రావు గారూ, మొదట లాగుతుంది, నిజమే. కానీ రెండో వైండింగ్‌లోకి కరెంటు మోతాదు మించి పోతుంది. మోటార్ కాగి, లోపలి థర్మల్ ఫ్యూజ్ తెగుతుంది. కొన్నిట్లో అది మళ్లీ కలవదు, అప్పుడు మోటారే మార్చాలి. డబ్బా మీద రాసిన అంకే వేయండి. వోల్టేజీ 450 ఏసీ ఉండాలి, తక్కువ వద్దు.

బీచ్‌రోడ్డు_ఫ్లాట్: మాది ఐదు వైర్లది. గాలి తగ్గితే మేమేం చూడాలి?

గాజువాక_ఏసీ: ఈసీ మోటార్ లోపలే ఎలక్ట్రానిక్స్ ఉంటాయి. చాలా వాటికి బోర్డు 310 వోల్ట్‌ల డీసీ, 15 వోల్ట్‌లు ఇచ్చి, ఇంకో వైర్లో వోల్టేజీతో ఎంత వేగంగా తిరగాలో చెబుతుంది. రిమోట్‌తో స్పీడు మార్చినప్పుడు ఆ చివరి వోల్టేజీ పెరిగినా మోటార్ కదలకపోతే అనుమానం మోటార్ మీద. 15 రాకపోతే బోర్డు మీద. కానీ ఇది కరెంటు ఉండగానే కొలవాలి, ఇంట్లో చేసే పని కాదు. కరెంటు ఉండగా ఆ ప్లగ్గు పీకారంటే మోటార్, బోర్డు రెండూ పోవచ్చు. ఆపాక కూడా 310 కొంతసేపు నిలిచే ఉంటుంది, మీటర్‌తో చూసుకోకుండా చెయ్యి పెట్టకండి.

ఎంవీపీ_మూడో_సెక్టార్: 0.9 వచ్చింది. కొత్త 1.5 వేయించాను. హైలో ఇప్పుడు తేడా తెలుస్తోంది. కానీ గంట నడిచాక మళ్లీ కాస్త మందగించినట్టుంది.

పెదవాల్తేరు_రావు: చూశారా, మోటార్ కూడా ఉంది కథలో. ఆ మెకానిక్ చెప్పిందీ తప్పు కాదు.

గాజువాక_ఏసీ: కావచ్చు. మందగించినప్పుడు కరెంటు ఆపి, చక్రాన్ని వేలితో తిప్పండి. చల్లగా ఉన్నప్పటికన్నా బిగుసుగా తగిలితే బుష్, సముద్రపు గాలికి ఇక్కడ అవి తుప్పు పడుతుంటాయి. మోటార్‌కు అవతలి చివర ఉండే రబ్బరు బుష్ అయితే అదొక్కటే మారుస్తాం. తేలిగ్గా తిరుగుతూనే మందగిస్తే వైండింగ్ అనుకోవాలి. సాయంత్రం వోల్టేజీ ఎంతుందో కూడా రాసుకోండి. 190కి పడిపోతే పీఎస్‌సీ మోటార్ బలం మూడో వంతు దాకా తగ్గుతుంది, తప్పు మోటార్‌ది కాకపోవచ్చు.

కంచరపాలెం_బాబ్జీ: అయితే మా బయటి డబ్బా మార్చింది దండగేనా?

గాజువాక_ఏసీ: కంప్రెసర్‌కి కాదండీ.