లక్నవరం రీల్ చూసి ఇంట్ల కొట్లాట పెట్టుకున్న. తప్పు నాదేనా?

హన్మకొండ కోడలు: మా పెళ్లయి నాలుగేండ్లు. మా ఆయన భూపాలపల్లి సింగరేణిల, మూడు షిఫ్టుల డ్యూటీ. నా క్లాస్‌మేట్ ఒకామె వారం వారం భర్తతోని రీల్ పెడ్తది. మొన్న లక్నవరం వేలాడే వంతెన మీద. అది చూసి, రాత్రి డ్యూటీకి పోయేటోణ్ని గడపల నిలబెట్టి 'నన్నెప్పుడన్న తీస్కపోయినవా' అని అడిగిన. పోస్టులు చూసి మన కాపురాన్ని కొలవద్దంటరు అందరు. కానీ వాళ్లు నిజంగనే సంతోషంగ ఉన్నరేమో? అబద్ధమని ఎట్లనుకోవాలె?

కాజీపేట జంక్షన్: ఇంత ఆలోచనెందుకక్కా. రోజూ పోస్టులు పెట్టేటోళ్లంత లోపట కొట్టుకునేటోళ్లే. మా గల్లీల ఒక జంట పెళ్లిరోజుకు ఇంత పొడుగు పోస్టు పెట్టిన్రు, నెల తిరగకముందే పెద్దమనుషుల్ల పంచాయితి. నిండు కుండ తొణకదు.

ఓరుగల్లు కెమెరా: తమ్మీ, అట్ల తీసిపారెయ్యకు. పెళ్లి ఫొటోలు తీసుడే నా పని. ఒక జంట సంగతి చెప్త. పొద్దున ఆరింటికి ఖిలా వరంగల్ తోరణాల కాడ మొదలుపెట్టినం. ఎనిమిదింటికే ఎండ. చీర పిన్ను ఊడింది, పిల్ల కండ్లల్ల నీళ్లు. పిలగాడు ఫంక్షన్ హాల్ అడ్వాన్సు గురించి ఫోన్ల లొల్లి. అరగంట ఇద్దరికీ మాటల్లేవు. 'నుదురుకు నుదురు ఆనించుండ్రి' అని నేనే చెప్పిన, తొమ్మిదోసారికి కుదిరింది. మొత్తం ఐదు గంటలు, ఏడు వందల పైన ఫ్రేములు. వాళ్లు ఏరుకున్నవి ముప్పై. రీల్ నలభై సెకండ్లు, అది కూడ స్లో మోషన్ల సాగదీసిందే. చూసినోళ్లంత మెచ్చుకున్నది ఆ నుదుర్ల ఫొటోనే.

వాళ్లిప్పుడు మంచిగనే ఉన్నరు, పాప కూడ పుట్టింది. ఫొటో అబద్ధం కాదు. మిగిలిన ఆరు వందల డెబ్బై ఫ్రేములు మీకు కనబడలే, అంతే.

పెద్దాయన, పరకాల: అసలు ఈ పెళ్లి ముందటి షూటింగులే బంద్ పెట్టాలె. మా బిడ్డ పెళ్లికి వంటోళ్ల కంటె ఫొటోలోళ్లకే ఎక్కువ అడిగిన్రు.

ఓరుగల్లు కెమెరా: పెద్దయ్యా, అడిగింది అది కాదు. ఇంకో చోట మాట్లాడుకుందాం, మీకు తగ్గిస్త.

సైకాలజీ పంతులమ్మ: కాజీపేట తమ్ముడు చెప్పింది సగం నిజం. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, అవతలి మనిషి ప్రేమ మీద అనుమానం కలిగిన రోజున కొందరు తమ జంట సంగతి ఫేస్‌బుక్‌లో ఇంకా ఎక్కువ చూపించుకున్నారు. కానీ దానికి ముందటేడు వచ్చిన మరొకదానిలో, తృప్తిగా ఉన్న రోజునే ఎక్కువ పంచుకున్నట్టు తేలింది. అంటే దిగులు పడ్డ మనిషీ, మురిసిపోయిన మనిషీ అదే పోస్టు పెట్టగలరు. అది చూసి లోపల ఏముందో చెప్పడం కుదరదు. పైగా ఈ రెండూ రీల్స్ రాకముందువి, మన దగ్గర చేసినవీ కావు.

అమ్మా, సినిమా హీరోయిన్ ఫొటో చూస్తే నీకింత బాధ కాలేదు, క్లాస్‌మేట్‌ది చూస్తే అయింది, గమనించావా? కొలిచే బద్ద లేనిచోట మనిషి తనలాంటి వాళ్లతోనే పోల్చుకుంటాడని ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే రాశాడు. కాపురానికి బద్ద ఎక్కడుంది? ఒకే బెంచీలో కూర్చున్న పిల్లే బద్ద అవుతుంది. అందులోనూ చిక్కుంది. ఏడుపు నాలుగు గోడల మధ్య, నవ్వు నలుగురిలో. అందుకే పక్కవాళ్ల కష్టాన్ని మనం తక్కువగా లెక్కగడతాం. ఫోనేమో నువ్వు ఆగి చూసిన రకమే మళ్లీ మళ్లీ తెచ్చి పెడుతుంది. అలా చూడగా చూడగా లోకమంతా లక్నవరంలోనే ఉన్నట్టు అనిపిస్తుంది.

జనగామ జ్యోతి: మేడం, మీతోని పూర్తిగ ఒప్పుకోను. మా ఆయన మూడేండ్లు నాతోని సరిగ మాట్లాడలే. అందరి ఇండ్లల్ల ఇంతేనేమో అనుకున్న. మా చెల్లె పోస్టులు చూసినంకనే, ఇది మామూలు కాదని తెలిసింది. పోల్చుకోకపోతే ఇంకా అట్లనే పడుందును.

సైకాలజీ పంతులమ్మ: దానికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదమ్మా. మీ లోటు పోస్టు కంటే ముందే ఉంది, పోస్టు దానికి పేరు పెట్టిందంతే అనుకుంటాను. హన్మకొండ అమ్మాయికి రీల్ చూడకముందు ఆ లోటు ఉందో లేదో ఆమే చెప్పాలి.

హన్మకొండ కోడలు: లేదు మేడం. ఆ రోజు కూడ డ్యూటీకి పోయే ముందు నీళ్ల డ్రమ్ములు నింపి, నా స్కూటీల పెట్రోల్ పోయించుకొచ్చిండు. అవి గుర్తుకు రాలే నాకు.

ఇంకోటి. నిన్న ఆ క్లాస్‌మేట్‌కు ఫోన్ చేసిన. ఆమె భర్త దుబాయ్ పోయి రెండు నెలలైందట. సెలవుల వచ్చినప్పుడు ఒక్క రోజే మూడు చీరెలు మార్చి అన్ని తీసుకున్నరట. ఇప్పుడు వారానికొకటి పెడ్తున్నది. 'ఆయన కూడ చూస్తడు గదా' అన్నది.

ఏమనాల్నో తెలువలే. నాకైతే లక్నవరం పోవాలనే ఉంది, వచ్చే ఆదివారం ఆయనకు వీక్లీ ఆఫ్.