డిఫర్డ్ ట్యాక్స్: ఒకే యంత్రానికి మూడు అంకెలు, ఏది సరైనది?

ఏనుమాముల లెక్కలు:
మధ్యాహ్నం భోజనం దగ్గర నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నాను, తెగడం లేదు. మాది పత్తి జిన్నింగు మిల్లు, ప్రైవేటు లిమిటెడ్. కొత్త యంత్రం 60,00,000. పుస్తకాల్లో 15 ఏళ్ల జీవితకాలం, 5 శాతం మిగులు విలువ, సమాన వాయిదాల పద్ధతి. అంటే ఏడాదికి 3,80,000. ఆదాయపు పన్నుకు 15 శాతం, తగ్గుతున్న విలువ మీద. ఇది రెండో సంవత్సరం, 2025-26. పన్ను తరుగుదల మొదటి ఏడాది 9,00,000, రెండో ఏడాది 7,65,000. అందులో నుంచి 3,80,000 తీసేస్తే తేడా 3,85,000. దాని మీద 26 శాతం, అంటే ముందు ముందు కట్టాల్సి వచ్చే డిఫర్డ్ ట్యాక్స్, 1,00,100. ఆడిటర్ ఆఫీసు నుంచి ఈ యంత్రానికి వచ్చిన కాగితంలో ఒకచోట 1,81,811 అని, ఇంకోచోట 1,13,885 అని ఉంది. నా అంకె ఎక్కడా లేదు. ఫోను చేస్తే రిటర్నుల హడావుడిలో ఉన్నామంటున్నారు. తప్పు వాళ్లదా, నాదా?

హనుమకొండ ఆడిట్:
యంత్రం వాడకంలోకి వచ్చిన తేదీ? కంపెనీ పన్ను కడుతున్నది ఏ సెక్షను కింద?

పెద్దపల్లి రైసుమిల్లు:
మా మిల్లులో ఇరవై ఏళ్లుగా లెక్కలు రాయిస్తున్నాను, ఈ పేరు ఎప్పుడూ వినలేదు. ఆదాయపు పన్ను రేట్లనే పుస్తకాల్లోనూ వేయించేస్తాను. తేడానే రాదు, తలనొప్పీ ఉండదు. మీరూ అలా చేయండి.

హనుమకొండ ఆడిట్:
మీది భాగస్వామ్య సంస్థ అయి ఉంటుంది. వారిది కంపెనీ. కంపెనీల చట్టం షెడ్యూలు 2 ప్రకారం యంత్రం జీవితకాలం చూసి తరుగుదల వేయాలి. పన్ను రేటు తెచ్చి పుస్తకాల్లో పెడితే కుదరదు.

కరీంనగర్ కామర్స్ మాస్టారు:
అసలు ప్రశ్నలోనే మౌలికమైన పొరపాటు ఉంది. ఆదాయపు పన్ను చట్టంలో విడి యంత్రం అనేదే ఉండదు, ఒకే రేటు ఆస్తులన్నీ కలిపిన బ్లాకు ఉంటుంది. 15 శాతం బ్లాకులోకి ఒకసారి చేరాక ఆ యంత్రానికి సొంత ఉనికి పోతుంది. కాబట్టి ఒక్క యంత్రానికి డిఫర్డ్ ట్యాక్స్ కట్టడం శాస్త్రీయం కాదు. పైగా ఈ సంవత్సరం తేడా, పోయిన సంవత్సరం తేడా అని లాభనష్టాల ఖాతా వైపు నుంచి చూడటం పాత పద్ధతి. ఇండ్ ఏఎస్ 12 అనే అకౌంటింగ్ ప్రమాణం వచ్చాక ఆస్తి పుస్తక విలువకూ, పన్ను విలువకూ మధ్య తేడా చూడాలి. నా విద్యార్థులకు మొదటి రోజే ఇది చెబుతాను.

భూపాలపల్లి సుజాత:
మాస్టారూ, బ్లాకు మాట నిజమే. చివరకు పోల్చాల్సింది బ్లాకు మొత్తాన్నే. కానీ ఆ మొత్తంలో ఈ యంత్రం వాటా ఎంతో విడిగా రాసుకోవడంలో తప్పేమీ లేదు, ఆడిటర్ కాగితం అందుకే ఉంది. ఇక వారి కంపెనీ ఇండ్ ఏఎస్ పరిధిలో ఉండకపోవచ్చు, పాత ప్రమాణం ఏఎస్ 22 అయినా ఈ యంత్రం వరకు అంకె మారదు.

ఏనుమాముల గారూ, తేదీ మీరు చెప్పలేదు కానీ ఆడిటర్ అంకెలే చెబుతున్నాయి. 1,13,885ను 25.168 శాతంతో భాగించండి, 4,52,500 వస్తుంది. దానికి 3,80,000 కలిపితే 8,32,500. అది 15 శాతమైతే రెండో ఏడాది మొదట్లో పన్ను విలువ 55,50,000 ఉండాలి. అంటే మొదటి ఏడాది తీసుకున్నది 4,50,000 మాత్రమే, సగం రేటు. 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే ఇస్తారు. 2024-25లో అక్టోబరు 3 లోపు వాడకంలోకి వస్తే పూర్తిగా వచ్చేది, 4 నుంచి సగమే. మీ యంత్రం ఆ తర్వాతే నడిచి ఉంటుంది.

25.168 అనేది కంపెనీలు ఎంచుకోగల 115బీఏఏ సెక్షను రేటు. 22 శాతం పన్ను, దాని మీద 10 శాతం సర్‌చార్జి, ఆ రెండింటి మీద 4 శాతం సెస్సు. మీరు వేసిన 26 ఆ దారి ఎంచుకోని చిన్న కంపెనీలది. ఆ దారి ఎంచుకున్నామని చెప్పే ఫారం 10-IC దాఖలు చేశారేమో ఫైలు చూడండి.

మూడోది, మీరు ఈ ఏడాది తేడా ఒక్కటే పట్టుకున్నారు. 1,81,811 బ్యాలెన్స్ షీటులో నిలబడే అప్పు, మొదటి ఏడాదిది కూడా కలిపి. 1,13,885 ఈ ఏడాది లాభనష్టాల ఖాతాకు వెళ్లే ఖర్చు. రెండూ సరైనవే, చోట్లు వేరు.

ఏనుమాముల లెక్కలు:
115బీఏఏ నిజమే మేడమ్, 10-IC ఫైలులో ఉంది. కానీ యంత్రం బిల్లు 2024 సెప్టెంబరు 18 నాటిది. అందుకే పూర్తి 15 శాతం వేశాను. నడపడం మొదలుపెట్టింది అక్టోబరు 10న, కొత్త పత్తి మార్కెట్‌కు వచ్చాక.

భూపాలపల్లి సుజాత:
బిల్లు తేదీ కాదు, వాడిన తేదీ. అక్టోబరు 10 నుంచి మార్చి 31 వరకు 173 రోజులు. మొదటి ఏడాది పుస్తకాల్లో తరుగుదల కూడా 3,80,000 ఉండదు. లెడ్జరులో 1,80,110 ఉందేమో చూడండి, అది 173 రోజులకు వచ్చే వాటా. ఉంటే లెక్క ఇలా నడుస్తుంది.

2025 మార్చి 31న పుస్తక విలువ 58,19,890, పన్ను విలువ 55,50,000. తేడా 2,69,890, దాని మీద పన్ను 67,926. ఏడాది తర్వాత పుస్తక విలువ 54,39,890, పన్ను విలువ 47,17,500. తేడా 7,22,390, దాని మీద పన్ను 1,81,811. పాత 67,926 ఇప్పటికే అప్పుల వైపు ఉంది కాబట్టి ఈ ఏడాది చేర్చాల్సింది 1,13,885. ఎంట్రీ అంతకే. డిఫర్డ్ ట్యాక్స్ ఖర్చు డెబిట్, డిఫర్డ్ ట్యాక్స్ అప్పు క్రెడిట్.

ఏనుమాముల లెక్కలు:
లెడ్జరులో 1,80,110 ఉంది. మా యజమాని మాత్రం ఈ లక్షా ఎనభై వేలు ఎప్పుడు కట్టాలి, బ్యాంకులో పక్కన పెట్టాలా అని అడుగుతున్నారు.

హనుమకొండ ఆడిట్:
దీనికి చలానా ఉండదు.

భూపాలపల్లి సుజాత:
ఇప్పుడు పన్నులో ఎక్కువ తరుగుదల వాడుకుని తక్కువ కట్టారు, ముందు ముందు తరుగుదల తగ్గి ఎక్కువ కడతారు. పన్ను తరుగుదల ఏటా తగ్గుతూ 2029-30లో సుమారు 4,34,600 ఉంటుంది, 2030-31లో సుమారు 3,69,400కు, అంటే మీ 3,80,000 కిందకు దిగుతుంది. అప్పటివరకు ఈ అప్పు పెరుగుతుంది, ఆ ఏడాది నుంచి కరుగుతుంది. మధ్యలో పన్ను రేటు మారితే మాత్రం నిల్వ మొత్తాన్నీ కొత్త రేటుతో మళ్లీ కట్టాలి.

పెద్దపల్లి రైసుమిల్లు:
బిల్లు సెప్టెంబరులోదే కదా, బిగించాక ఒక గంటైనా తిప్పి చూసి ఉంటారు. ట్రయల్ కూడా వాడకమే. పూర్తి 9 లక్షలు అడగాల్సింది. మా డ్రయ్యరుకు అలాగే తీసుకున్నాం.

కరీంనగర్ కామర్స్ మాస్టారు:
ట్రయల్‌ను వాడకంగా ఒప్పుకొన్న తీర్పులు ఉన్నాయి. అయితే ఉత్పత్తి అనే మాటకు అర్థం ఏమిటన్నది ముందు తేల్చాలి.

భూపాలపల్లి సుజాత:
అది వేరే పోరాటం. రిటర్నులో 4,50,000 అడిగారు కాబట్టి పన్ను విలువ 55,50,000 దగ్గరే ఉంటుంది. డిఫర్డ్ ట్యాక్స్ రిటర్నును అనుసరిస్తుంది, అడగగలిగినదాన్ని కాదు.

పెద్దపల్లి రైసుమిల్లు:
రివైజ్ చేసుకోవచ్చు కదా.

హనుమకొండ ఆడిట్:
ఆ ఏడాదికి గడువు పోయింది.

ఏనుమాముల లెక్కలు:
థాంక్స్ మేడమ్, టాలీలో ఎంట్రీ వేశాను. నిరుడు పాత జిన్ను ఒకటి తుక్కుకు అమ్మాం, పుస్తకాల్లో దాని విలువ సున్నా చేశాం, పన్ను బ్లాకులో ఏం చేశారో కాగితంలో లేదు. రేపు ఆఫీసుకు వెళ్లి అడుగుతాను.