రోజూ 200 పాయింట్లు ఊగుతున్నా గామా స్కాల్పింగ్‌లో నష్టం ఎందుకు?

టవర్‌క్లాక్ (అనంతపురం): నెల గడువున్న నిఫ్టీ 24,000 స్ట్రాడిల్ పది లాట్లు కొన్నాను. కాల్, పుట్ కలిపి 714 పాయింట్లు పడింది. అప్పటి ఐవీ, అంటే ప్రీమియంలో లెక్కకట్టిన ఏడాది ఊపు, 13 శాతం. లాటు అప్పట్లో 75. నిఫ్టీ ఒక పాయింటు కదిలితే నా ఆప్షన్లు ఎంత కదులుతాయో చెప్పే డెల్టాను రోజూ మూడుంబావుకు చూసుకుని, అది పెరిగిన మేరకు ఫ్యూచర్స్ అమ్ముతున్నాను, తగ్గిన మేరకు కొంటున్నాను. పది ట్రేడింగ్ రోజులయ్యాయి. ఫ్యూచర్స్‌లో సుమారు 55 వేలు వచ్చింది. కానీ స్ట్రాడిల్ 441కి పడిపోయింది, అక్కడ రెండు లక్షల పైచిలుకు పోయింది.

నాకు అర్థం కానిది ఇది. 13 శాతాన్ని 252 వర్గమూలంతో భాగిస్తే రోజుకు 0.82 శాతం, అంటే 196 పాయింట్లు. ఈ పది రోజులూ హై నుంచి లో వరకు సగటున 200 పాయింట్లు ఊగింది. ప్రీమియం అడిగినంత కదలిక వచ్చినట్టే కదా? ముగింపు నుంచి ముగింపుకు మార్పులు ఇవి: +90, −120, +160, −85, +60, −190, +130, −70, +145, −105. తప్పు నా హెడ్జింగ్‌లో ఉందా?

వేంపల్లె రోడ్డు (కడప): స్కాల్పింగ్ చేసేవారికి స్ట్రాడిల్‌తో పనేముంది అన్నా? ఐదు నిమిషాల చార్టు పెట్టుకుని పది పాయింట్లు రాగానే బయటికి రండి. నెల రోజులు పట్టుకుని కూర్చుంటే ప్రీమియం కరగక ఏమవుతుంది?

టవర్‌క్లాక్: పేరు ఒకటే గానీ ఇది వేరే పని అన్నా. నేను దిశ మీద పందెం వేయడం లేదు. ఆప్షన్లు అలాగే ఉంచి, వాటి డెల్టా మారినప్పుడల్లా ఫ్యూచర్స్‌తో సున్నాకు తెస్తున్నాను.

బుగ్గవంక (కడప): మీ హెడ్జింగ్‌లో తప్పేమీ లేదు. ఇప్పుడు ఐవీ ఎంత ఉందో చూడండి. 11 దగ్గర ఉంటుంది. మీ నష్టమంతా అదే. ఐవీ మళ్లీ 13కు వస్తే పోయింది తిరిగి వస్తుంది, ఆగండి.

తుంగభద్ర తీరం (కర్నూలు): బుగ్గవంక గారు చెప్పింది కొంతవరకే నిజం. ఐవీ 13 దగ్గరే నిలిచి ఉన్నా, పది ట్రేడింగ్ రోజులంటే పద్నాలుగు క్యాలెండర్ రోజులు గడిచాయి కాబట్టి 714 స్ట్రాడిల్ 521కి దిగేది. అంటే 193 పాయింట్లు కాలం తిన్నది. 521 నుంచి 441 వరకు పోయిన 80 మాత్రమే ఐవీ తగ్గడం వల్ల. ఐవీ మళ్లీ పెరిగితే ఆ 80 తిరిగి రావచ్చు, 193 రాదు.

ఇక అసలు ప్రశ్న. మీరు పోల్చకూడని రెండింటిని పోల్చారు. ఆ 196 ఒక రోజు ముగింపు నుంచి మరుసటి రోజు ముగింపుకు వచ్చే మార్పుకు కొలత. హై, లోల మధ్య దూరం సాధారణంగా దానికన్నా పెద్దదే. ధర ఏ దిశకూ మొగ్గకుండా నడిచే రోజున ఆ దూరం ఇంచుమించు 1.6 రెట్లు ఉంటుంది. 13 శాతం ఐవీ నిజమయ్యే మార్కెట్లో హై–లో సగటు 310 పైన కనిపించాలి. మీకు కనిపించింది 200. దాన్ని 1.6తో భాగిస్తే 125.

మీరిచ్చిన ముగింపులతో సరిచూశాను. మామూలు సగటు కాదు, వర్గాలు తీయాలి, ఎందుకంటే గామా, అంటే డెల్టా మారే వేగం, దాని వల్ల వచ్చే లాభం కదలిక వర్గాన్ని బట్టి ఉంటుంది. 190 కదిలిన రోజు 60 కదిలిన రోజుకన్నా మూడు రెట్లు కాదు, పది రెట్లు ఇస్తుంది. మీ పది వర్గాల మొత్తం 1,48,875. సగటు తీసి వర్గమూలం చూస్తే 122. ఏడాది లెక్కలో 8 శాతం. రెండు దారుల్లో వెళ్లినా దాదాపు ఒకే చోటికి వచ్చాం.

అంటే మీరు 13 ఇచ్చి 8 తీసుకున్నారు. ఇది 13లో 8 వంతు వెనక్కి వచ్చినట్టు కాదు. 122ను 196.5తో భాగించి వర్గం చేస్తే 0.385. కాలం తిన్న 193లో 38.5 శాతం, అంటే 74 పాయింట్లు ఫ్యూచర్స్ ద్వారా తిరిగి రావాలి. 74ను 750తో గుణించండి, 55,500. మీ ఫ్యూచర్స్ ఖాతాలో ఉన్నది అదే. హెడ్జింగ్ సరిగ్గానే చేశారు, కొన్న ధరే ఎక్కువ.

రోజుకు బాడుగ కుదుర్చుకుని ట్రాక్టర్ తెచ్చాక ఎంత చేను దున్నితే అంతే మిగులు. మీ చేను రోజూ మూడో వంతు కాస్త మించి దున్నుడయింది, బాడుగ మాత్రం పూర్తిగా పోయింది.

టవర్‌క్లాక్: మేడం, హై–లో 1.6 రెట్లు ఉంటుందని తెలియకనే మోసపోయాను. రోజూ స్క్రీన్ మీద 200 చూసి సంతోషపడ్డాను.

పెన్నగట్టు (ప్రొద్దుటూరు): నాదీ ఇదే బాధ. నేను ఒక్క లాటు స్ట్రాడిల్ కొన్నాను. డెల్టా 0.3కు పోయింది, 0.4కు పోయింది, ఏమి అమ్మాలో తోచలేదు. చివరికి ఒక ఫ్యూచర్ అమ్మితే మార్కెట్ పైకి పోయి రెండు విధాలా నష్టపోయాను.

తుంగభద్ర తీరం: మీ డెల్టా 0.4 ఉంటే ఒక ఫ్యూచర్ అమ్మాక అది −0.6 అయింది. హెడ్జ్ చేయకముందు కన్నా పెద్ద పందెం. ఫ్యూచర్స్ పూర్తి లాటుగానే దొరుకుతాయి. టవర్‌క్లాక్ గారికి పది లాట్లు ఉన్నాయి కాబట్టి మొదట్లో 112 పాయింట్లు కదిలితే ఒక లాటు డెల్టా తయారయ్యేది. ఒక్క స్ట్రాడిల్‌తో ఈ పని కుదరదు.

బుగ్గవంక: ఒక మాట ఒప్పుకోను. పగటి పూట 200 ఊగుతుంటే మూడుంబావు వరకు ఆగడమెందుకు? 112 వచ్చినప్పుడల్లా అమ్మి, తిరిగొచ్చినప్పుడు కొనాలి. ఒక్కో రాకపోకకు 8,400.

తుంగభద్ర తీరం: తిరిగొస్తే. రాకుండా ఒకే వైపు 400 నడిచిన రోజున మీరు 112 దగ్గరే అమ్మడం మొదలుపెడతారు. సాయంత్రం దాకా ఆగినవారికి ఆ ఒక్క రోజు వర్గమే 1,60,000, ఈ పది రోజుల మొత్తానికన్నా ఎక్కువ. ఫ్యూచర్ అమ్మిన ప్రతిసారీ ఎస్‌టీటీ పన్ను కూడా ఉంది, అప్పటి 0.02 శాతం లెక్కన లాటుకు 360 రూపాయలు. ఏది మేలో తేల్చాలంటే పదిహేను నిమిషాల ధరలతో అవే వర్గాలు తీయాలి. ఆ లెక్క ముగింపుల లెక్కకన్నా పెద్దదైతే మీ మాట నిజం. రెండు కొలతలూ 122, 125 దగ్గర కలిశాయి కాబట్టి ఈ పది రోజుల్లో పెద్ద తేడా ఉండదనుకుంటున్నాను, కానీ పది రోజులు చాలా తక్కువ.

టవర్‌క్లాక్: మరి ఇప్పుడు ఉంచాలా, అమ్మాలా?

తుంగభద్ర తీరం: 714ను మరిచిపోండి. ఈ రోజు 441కి 11 శాతం ఐవీతో కొత్తగా కొంటున్నట్టు చూడండి. రోజుకు 166 పాయింట్ల ముగింపు మార్పు కావాలి. పది లాట్ల మీద ట్రేడింగ్ రోజుకు సుమారు 15 వేలు కరుగుతుంది. 122 దగ్గరే నడిస్తే 8 వేలు తిరిగొస్తుంది. ఎక్స్‌పైరీ దాకా ఉంచితే ఐవీ పెరిగినా తగ్గినా చివరికి మిగలదు, నిఫ్టీ నడకే తేలుస్తుంది. అందులోనూ 24,000 దగ్గర నడవాలి. ముందే 800 పాయింట్లు పక్కకు వెళ్లి అక్కడ ఊగితే గామా బాగా తగ్గి ఉంటుంది, ఆ ఊపు మీకు పెద్దగా పనికిరాదు.

టవర్‌క్లాక్: సగం అమ్మి ఐదు లాట్లు ఉంచుదామనుకుంటున్నాను.

తుంగభద్ర తీరం: ఇప్పుడు గామా పెరిగింది, పది లాట్లకు 69 పాయింట్లకే ఒక ఫ్యూచర్ వస్తుంది. ఐదైతే 139 దాకా ఆగాలి. ఆ మధ్య డెల్టా మీ మీదే ఉంటుంది, అది తెలిసి చేయండి.

బుగ్గవంక: పదిహేను నిమిషాల లెక్క నేను వేసి ఆదివారం పెడతాను మేడం. పెద్దదే వస్తుందని నా నమ్మకం.